బీరువా మీద పసుపు చీటీలు

స్లైడ్లు చెయ్యడమంటే అక్షరాల్ని ఎగిరించడమే అనుకున్న తెలివితక్కువవాళ్ళలో నేనొకణ్ణి. చరిత్ర మాస్టార్ని. నా పాఠం వింటూ పిల్లలు ఎలాగూ ఒరిగిపోయేవారు కనక, తెర మీద అక్షరాలైనా గింగిరాలు తిరిగి నిటారుగా నిలబడుతుంటే కడుపు నిండిపోయేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, అమలాపురంలో నేను పనిచేసే కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందన్నారు. వాళ్ళ ముందు స్లైడ్లు చూపిస్తూ కాలేజీ గురించి ఒకరు మాట్లాడాలి. ఆ ఒకరూ నేనే అవ్వాలని నాకు ఒకటే ఆశ. పోటీకి మా కామర్సు మేడం గారు వచ్చేరు. ఇద్దరూ తయారుచేసుకు రండి, ఎవరిది బావుంటే వాళ్ళు మాట్లాడుదురుగాని, అన్నారు ప్రిన్సిపాల్ గారు.

నేను తిన్నగా కంప్యూటర్ ల్యాబుకి పోయి స్లైడ్ల ప్రోగ్రాం తెరిచేను. ఏం చెప్పాలన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు కదా! ముందు వెనకాల కొబ్బరితోట బొమ్మ పెట్టేను. గుర్తొచ్చినదల్లా గుర్తొచ్చిన వరసలోనే ఎక్కించేను.

ఆవిడ కంప్యూటర్ వైపే చూడలేదు. వాళ్ళన్నయ్య కువైట్ నుంచి తెచ్చిన పసుపు, గులాబీ రంగు జిగురు చీటీల కట్టలు పట్టుకుని స్టాఫ్ రూములో కూచుని, వచ్చినవాళ్ళందర్నీ కాలేజీ గురించి అడిగేది. చీటీకి ఒక్క మాట రాసుకునేది, అంతే. మొదట గోడకి అంటించింది. సున్నం గోడ. జిగురుకి సున్నం అంటుకుని, ఫ్యాను గాలికి చీటీలన్నీ రాలిపోయేయి. నాకు పండగే. మర్నాటికల్లా అవి జవాబు పత్రాలు దాచే ఇనప బీరువా తలుపుల మీదికి ఎక్కి, అతుక్కుపోయేయి.

"మాస్టారూ, మీరూ చెప్పండీ," అంది.

మూడు చెప్పేను: నేను గెలిపించిన క్విజ్ కప్పు, నేను నడిపే గోడపత్రిక, నేను తీసికెళ్ళిన విహారయాత్ర.

ఆ తర్వాత ఆవిడ చీటీల్ని పీకుతూ, జరుపుతూ, ఒకదానికొకటి పొసగేవాటిని ఓ చోట చేర్చింది. గుంపు కట్టేకే దాని నెత్తిన గులాబీ చీటీ మీద పేరు రాసింది: పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారు, ఏం నేర్పుతున్నాం, ఏం లోటుంది, ఏం చెయ్యబోతున్నాం. ఎందులోనూ ఇమడనివి కింద మూలకి, 'తరవాత' అన్న గులాబీ చీటీ కిందికి చేరేయి. నా మూడూ అక్కడే ఉన్నాయి.

"నావి అక్కడ పెట్టేరేంటండీ?"

"బాగోలేక కాదండీ మాస్టారూ. మనం చెప్పే కథలో చోటు దొరకలేదండి. పారెయ్యలేదు కదా!"

ఆ మర్యాదే నన్ను ఎక్కువ కాల్చింది. ఆవిడ చీటీలు అంటిస్తుంటే ఇక్కడ నాకు అంటుకునేది.

తర్వాత పాత ప్రశ్నపత్రాల వెనకవైపు గళ్ళు గీసి, గడికొక స్లైడు చొప్పున ముక్కలు కత్తిరించింది. పైన ఒక్క వాక్యం, కింద పెన్సిల్‌తో పిచ్చిబొమ్మ. గోదావరి లంకల నుంచి వచ్చే పిల్లలకి ఒక పడవ వేసింది. అది పడవో, అరటిదొప్పో దేవుడికెరుక. ముక్కలన్నీ బల్ల మీద వరసగా పరిచి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి, అప్పుడు వెళ్ళింది ల్యాబుకి. ఒక్క మధ్యాహ్నంలో పని ముగించి వచ్చేసింది. నేను అప్పటికి వారం నుంచి రంగులు మారుస్తున్నాను.

మేం చూపించుకోవాల్సిన రోజున ప్రిన్సిపాల్ గారు వస్తూనే, "కమిటీవారు ముందు ల్యాబులు చూస్తారటండీ. మనకి పది నిమిషాలే. తగ్గించగలరా?" అన్నారు.

నేను మౌసు పట్టుకుని చెమటలు కక్కేను. ఏది తీసేస్తే ఏది తెగుతుందో నాకే తెలీదు. కొబ్బరితోట తప్ప అన్నీ అవసరమే అనిపించింది. ఆవిడ తన కాగితాల్లోంచి ఒక వరస తీసి బోర్లించింది.

"ఆయ్, ఈ భాగం తీసేసినా కథ నిలబడుతుందండి."

నిలబడింది. కూలబడ్డది నేనే. కమిటీ వచ్చిననాడు ఆవిడకి చప్పట్లు దక్కేయి. నాకు కమిటీవారికి కొబ్బరిబొండాలు అందించే బాధ్యత దక్కింది.

మరుసటేడు ప్రిన్సిపాల్ గారు రిటైరయ్యేరు. సన్మానసభ ఏర్పాట్లు నాకు అప్పగించేరు. నేను ఈసారి కంప్యూటర్ జోలికి పోలేదు. ఆవిడ దగ్గరే చీటీలు అడిగి పుచ్చుకుని, ఎవరేం మాట్లాడతారో చీటీకొకటి రాసి బీరువాకి అంటించి, జరిపేను, గుంపులు కట్టేను, పేర్లు పెట్టేను. పని ఎంత తేలికైందో చెప్పడానికి ఇప్పటికీ నాకు మనసొప్పదు.

ఆవిడ వచ్చి బీరువా అంతా వెతికింది. తన చీటీ కింద మూల కనిపించింది.

"నా ఉపన్యాసం 'తరవాత'లో పెట్టేరేంటండీ?"

"బాగోలేక కాదండీ మేడం గారూ. కథలో చోటు దొరకలేదండి."

పారెయ్యలేదు. భోజనాల తర్వాత ఇచ్చేను. పులిహోర, పనసపొట్టు కూర, గడ్డపెరుగు తిన్న సభ ముందు ఆవిడ మైకు అందుకునేసరికి, ప్రిన్సిపాల్ గారితో సహా మొదటి వరసంతా దండల బరువుకి అన్నట్టు తలలు వాల్చేసింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, మొదట్నుంచి చివరిదాకా మెలకువగా విన్నవాణ్ణి నేనొక్కణ్ణే.