అంకెలు తీసేశాక మిగిలిన మనిషి

ఇదివరకు పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ముందురోజు కాల్ సారాంశాలు తెరిచేది. అంకె కనబడితే చాలు, చెరిపేసేది. టీ చల్లారేలోపు పని తెమిలిపోయేది. ఇప్పుడు టీ మీద మీగడ కడుతుంది, ఆమె ఇంకా మొదటిదాని దగ్గరే ఉంటుంది.

ఆ బ్యాంకు కాల్ సెంటర్లో అందరూ ఆమెను చెరుపుడక్క అంటారు. కాల్స్ మాట్లాడటంతో పాటు, కొత్తవాళ్ళకూ శాఖలకూ పాఠంగా పంపే సారాంశాల్లోంచి పేరు, ఫోన్ నంబరు, ఖాతా నంబరు తీసేయడం ఆమె పని. కంప్యూటర్ అంకెల్ని పట్టుకుంటుంది గానీ "తొమ్మిది, రెండు సున్నాలు" అని అక్షరాల్లో ఉన్నవాటిని వదిలేస్తుంది. ఆమె వదలదు.

"అక్కా, మీ శుభలేఖలో కూడా పేర్లు చెరిపేశావా ఏంటి?" అనేది పక్కసీటు పిల్ల.

"చెరిపినా పెళ్ళికొడుకు దారి కనుక్కుని వచ్చాడే, అదీ నా ఖర్మ!"

ఒకరోజు ఒక దర్జీ ఫోన్ చేస్తే అక్కే తీసింది. కూతురి చదువుకని డబ్బు దాచుకుంటున్నానని, బ్యాంకు ఉత్తరాలు ఇంటికొస్తే బావగారు చూస్తారని, ఆపమని బతిమాలింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి అక్క ఉత్తరాలు ఆపించింది. అంత ఓపికగా జరిగిన కాల్ కొత్తవాళ్ళు చదవాలని, అక్క నంబర్లూ పేరూ తీసేసి పంపింది. "వంతెన కింద పెళ్ళిబట్టలు కుట్టే విధవరాలు, బావకు తెలియకుండా" అన్న ముక్క ఉండిపోయింది.

దర్జీ ఉండే పేట శాఖలో గుమాస్తా అది చదివాడు. టీకొట్టు దగ్గర బావగారు కనబడితే, "మీ మరదలు గడుసుదేనండీ, మీకు తెలియకుండా బానే దాచింది!" అని నవ్వాడట.

దర్జీ మళ్ళీ ఫోన్ చేసి అక్కనే అడిగింది.

"ఎవరికీ చెప్పనన్నారు కదమ్మా?"

"మీ పేరు నేను రాయలేదండీ."

"పేరెందుకు తల్లీ? వంతెన కింద కుట్టేది నేనొక్కదాన్నేగా."

అక్క ఆ సారాంశం మళ్ళీ తెరిచి చూసింది.

"మా బావ దాచిందంతా తీయించేశాడు. పిల్లని చదువు మాన్పించేశాడు. నా ఫోను కూడా ఆయన దగ్గరే. ఇది పక్కకొట్టువాళ్ళది."

అక్క వెళ్ళి ఇన్‌చార్జికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన సారాంశాన్ని అందరికీ పంపిన గ్రూపులోంచి తీయించాడు, గుమాస్తా మీదా జరిగిన పొరపాటు మీదా పైకి రాశాడు.

"చదివినవాళ్ళ బుర్రలోంచి తీయలేం కదక్కా," అన్నాడు మెల్లగా.

సీటుకొచ్చేసరికి ఆమె చేయాల్సిన కాల్స్ జాబితాలో కొత్తది ఒకటి చేరి ఉంది. ఫిర్యాదు ముగిసిన ప్రతి ఖాతాదారుకీ రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి, "మా సేవ బాగుందా?" అని అడగాలి. పేరు దర్జీది. ఆ ఫోను మోగితే బావ జేబులో మోగుతుంది.

"చేసెయ్యక్కా, లేకపోతే నీ మార్కులు పోతాయి," అంది పక్కసీటు పిల్ల.

"పోనీవే."

సాయంత్రానికి మిగతా కాల్స్ అన్నీ చేసింది. జాబితాలో దర్జీ పేరున్న ఆ ఒక్క వరుస, చేయని కాల్ అని ఎర్రగా అలాగే ఉంది. చూస్తూనే కంప్యూటర్ కట్టేసింది.