తోలు మీది, బొక్కలు మాయి

ఆ రోజుల్లో పిల్లల్ని బడిలో చేర్పించేవాళ్ళు కాదు, అప్పగించేవాళ్ళు. ఇప్పుడంటే తల్లీతండ్రీ ఇద్దరూ ముస్తాబై వెళ్ళి, పిల్లకు ఏమేమి పడవో, ఏం తింటుందో, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుందో అన్నీ విడమరిచి చెప్పి, గేటు బయట కళ్ళు తుడుచుకుంటున్నారు. మా కాలంలో ఇంటి పెద్ద ఒకాయన పిల్ల జబ్బ పట్టుకుని తీసుకుపోయి, సారు ముందు నిలబెట్టి, ఒక మాట అనేసి తిరిగి చూడకుండా వచ్చేసేవాడు. ఆ మాటకే సారు నవ్వాలి. నవ్వితే పిల్లను బడిలో వేసుకున్నట్టే. మా తాత ఆ మాట అనడంలో వర్ధన్నపేట చుట్టుపక్కల పేరు మోసినవాడు. మా నాన్ననూ, చిన్నాయనలనూ, పక్కింటి పిల్లల్నీ కూడా ఆయనే అప్పగించాడట (వాళ్ళ సొంత తాతలకు ఆ మాట అంత బాగా కుదరదని). ప్రతిసారీ సారు పొట్ట పట్టుకుని నవ్వాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ తర్వాత మా నాన్న వీపు ఏమైందో మాత్రం చెప్పేది కాదు.

నన్ను బడిలో వేసే నాటికి మేము వరంగల్‌లో కిరాయికి ఉన్నాం. అమ్మ తమ్ముణ్ణి కని దవాఖానలో ఉంది. కాజీపేట రైల్వేలో పనిచేసే నాన్నకు ఆ రోజు డ్యూటీ తప్పలేదు. అందుకని తాత ముందురోజే ఊరి నుంచి బస్సు దిగాడు. పొద్దున్నే కొత్త పంచె కట్టి, తువ్వాల భుజాన వేసి, దారి పొడుగునా తనలో తను ఏదో గొణుక్కుంటూ నడిచాడు. మాట సాధన చేస్తున్నాడని నాకు తెలుసు. నాకేమో కాలు ఒకచోట నిలవడం లేదు. కొత్త చెప్పులు కరుస్తున్నాయి, పలకల సంచి మోకాలికి కొట్టుకుంటోంది, వాన వచ్చేలా ఉంది. "నిలకడగ నడువరాదె, అడుగు అడుగుకు ఎగురుతవేంది?" అని తాత కసిరాడు.

ఆ బడిలో ఒకటో తరగతికి కొత్తగా వచ్చిన టీచరమ్మది కేరళ. వచ్చి వారం కూడా కాలేదట. ఆమెకు తెలుగు ముక్క రాదు. ఇంగ్లీషూ, పుస్తకాల్లో చదువుకున్న హిందీ మాత్రం వచ్చు. తాతకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. ఇక నాకు మా ఎదురింటి చాచీ దయవల్ల వరంగల్ ఉర్దూ వచ్చు. వాళ్ళింట్లో సేమ్యా తింటూ నేర్చుకున్న భాష కాబట్టి అందులో తిండి మాటలూ, తిట్లూ ఎక్కువ. టీచరమ్మ సంగతి వరుసలో మా ముందున్న రైల్వే చొక్కా ఆయన తాతకు చెప్పాడు. తాత ఒక్క క్షణం ఆలోచించి, "ఫికర్ లేదు, నా మనుమరాలుకు తురకం వస్తది. అది చెప్తది" అన్నాడు. అలా ఒకటో తరగతిలో చేరకముందే నాకు ఉద్యోగం వచ్చింది.

మా వంతు వచ్చింది. టీచరమ్మ బల్ల మీద హాజరు పట్టీ, సుద్దముక్కల డబ్బా, వాటి పక్కన నున్నటి బెత్తం ఉన్నాయి. నా కళ్ళు బెత్తం మీదే. తాత గొంతు సవరించుకున్నాడు. "టీచరమ్మా, ఈ పిల్ల తోలు మీది..." అని ఆగాడు. ఆ ఆగడంలోనే ఉంది ఆయన ప్రతిభంతా. "...బొక్కలు మాయి. తోలు ఎంత తీస్తరో మీ ఇష్టం. బొక్కలు మాత్రం పొద్దుగూకే యాళ్లకు లెక్కవెట్టి నాకు అప్పజెప్పాలె. ఒక్కటి తక్కువున్నా నేను తీస్కపోను!" అని మీసం కింద నవ్వు సిద్ధం చేసుకుని, నా వైపు తల ఊపాడు.

ఒకరి మాటను ఇంకొకరికి చేరవేసేవాళ్ళకు ఆ మాటలో సొంత లాభనష్టాలు ఉండకూడదని పెద్దయ్యాక ఎక్కడో విన్నాను. ఇక్కడ ఇస్తున్నదేమో నా తోలు. పుచ్చుకునే ఆమె ముందు బెత్తం. మధ్యన మాట చేరవేసేది నేను. న్యాయమేనా? తోలు పోయి ఒట్టి ఎముకలుగా, బొక్కలు బొక్కలుగా ఇంటికి వెళ్ళడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అందుకని, "టీచర్, దాదా బోల్రై, మై బహుత్ అచ్ఛీ బచ్చీ" అన్నాను. నేను చాలా మంచి పిల్లనని తాత చెబుతున్నాడన్నమాట.

టీచరమ్మ గంభీరంగా తల ఊపి హాజరు పట్టీలో నా పేరు రాయబోయింది. తాత నవ్వు మీసం కిందే ఆగిపోయింది.

"చెప్పినవా?"

"చెప్పిన తాతా."

"మరి నవ్వదేందే?"

"వాళ్ల దిక్కు నవ్వరట."

తాత నమ్మలేదు. ఆయనకు ఉర్దూ రాకపోయినా ఎద్దుల అంగట్లో తిరిగిన మనిషి. "నేను గంత పొడుగు చెప్తే నువ్వు గింతనే చెప్పినవ్. తోలును చమ్డా అంటరు, గది నాకు ఎరుకే. నీ నోట్ల చమ్డా ఇనరాలే. మల్ల చెప్పు" అన్నాడు. మాట తెలియకపోయినా పొడుగు కొలిచి, వచ్చిన ఒక్క మాట కోసం చెవి వేసి ఉంచాడు. ఇంకా సాయంగా తన ముంజేతి చర్మాన్ని వేళ్ళతో పట్టి లాగి చూపించాడు. మోచేతి ఎముక మీద టకటకా కొట్టి చూపించాడు. చూపిస్తూ టీచరమ్మ నవ్వు కోసం ఎదురుచూశాడు.

నాకు చెమట పట్టింది. చమ్డా అనే మాట పడాలి, నా చమ్డా మాత్రం పోకూడదు. వేళ్ళు గౌను అంచును నలిపేస్తున్నాయి. "దాదా కా చమ్డా అచ్ఛా నై టీచర్" అనేశాను. తాత చర్మం బాగాలేదని. చెయ్యి లాగి చూపించిన అభినయానికి అది అతికినట్టు సరిపోయింది. టీచరమ్మ ముఖాన్ని జాలి కమ్మేసింది. గబగబా లేచి తన కుర్చీ తాత వైపు జరిపింది. గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. మోచేయి చూపించి, "యహాఁ భీ దర్ద్ హై?" అని అడిగింది.

"ఏమంటాంది?" అన్నాడు తాత, నీళ్ళ గ్లాసు పట్టుకుని బిక్కమొహం వేసి.

"నీకు కీళ్ల నొప్పులున్నయా అని అడుగుతాంది."

"నా నొప్పులతోని ఆమెకేం పని?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కకు తప్పుకుని కొడుకు కోసం నిలబడ్డ రైల్వే చొక్కా ఆయన, "పెద్దాయనా, జర జల్ది కానియ్, బెల్లు కొడ్తరు" అన్నాడు. తాత కుర్చీలో కూర్చోలేదు. నీళ్ళు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టాడు. తువ్వాల తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. అది జారకపోయినా వేసుకున్నాడు. "పోనీ తియ్ బిడ్డా. పట్నంల మన మాటలు నడువయి" అన్నాడు మెల్లగా. ఊళ్ళో ఆయన నోరు తెరిస్తే చాలు, నవ్వడానికి నలుగురు సిద్ధంగా ఉండేవారు. ఇక్కడ ఆయన ఒట్టి కీళ్ళ నొప్పుల ముసలాయన అయిపోయాడు. చేసింది నేను. నా తోలు దాచుకుని తాతను అమ్మేశాను. అది తట్టుకోవడం నా వల్ల కాలేదు. బెత్తం వైపు చివరిసారి చూసి, ఏడుపు గొంతుతో, కానీ ఆయన ఆగిన చోటనే ఆగుతూ చెప్పేశాను.

"టీచర్! దాదా బోల్రై, ఇస్కా చమ్డా ఆప్కా... హడ్డియాఁ హమారే. చమ్డా కిత్తా హోనా ఉత్తా లేలో. హడ్డియాఁ శామ్ కో గిన్కే వాపస్ దేనా. ఏక్ భీ కమ్ హువా తో నై లేజాతుఁ బోల్రై!"

చమ్డా వినపడగానే తాత తల ఎత్తాడు. టీచరమ్మ నిశ్చేష్టురాలైంది. బెత్తం వైపు చూసి, "నహీఁ, నహీఁ" అంటూ దాన్ని సొరుగులో పడేసింది. ఇదిగో, నవ్వు మాటను దాటించడంలో వచ్చే చిక్కు ఇదే. మాటలన్నీ అవతలి గట్టుకు చేరాయి, నవ్వు ఒక్కటే ఇవతల మిగిలిపోయింది. "మజాక్ టీచర్, మజాక్! హమారే గావ్ మే సబ్ కే దాదా ఐసాచ్ బోల్తే" అని బతిమాలాను. ఇదంతా వేళాకోళమేనని, మా ఊళ్ళో అందరి తాతలూ ఇలాగే అంటారని. అప్పుడామె తాతను తేరిపార చూసింది. సగం విచ్చుకుని భయంభయంగా ఆగి ఉన్న ఆ మీసాన్ని చూసింది. పెదవుల మూలన ఏదో కదిలింది. పుస్తకం హిందీలో నింపాదిగా అంది: "దాదాజీ సే కహో, చమ్డీ భీ ఆప్ రఖియే, హడ్డీ భీ ఆప్ రఖియే. ముఝే కేవల్ దో కాన్ చాహియే."

"తోలూ నువ్వే ఉంచుకోమంటాంది, బొక్కలూ నువ్వే ఉంచుకోమంటాంది. పిండేతందుకు నా రెండు చెవులే కావాలంట తాతా!"

(పిండడం నేను కలిపిందే. ఆమె చూపుడు వేలూ, బొటనవేలూ అప్పుడు ఏం చేస్తున్నాయో నేను చూశాను.)

తాత ముఖం వెలిగిపోయింది. ఇది బేరం! "రెండెందుకు? ఒక్కటిస్త అను. ఇంకోటి ఇంట్ల వాళ్లమ్మకు కావాలె." అది చెప్పాను. "దోనోఁ" అంది ఆమె, రెండూ కావాలని. అదీ చెప్పాను. "పొద్దుగూకే దాకనే" అన్నాడు తాత. నేను ఆ వైపుకూ ఈ వైపుకూ తల తిప్పుతూ, ఎగురుతూ, చేతులు ఊపుతూ చెబుతున్నాను. అమ్ముడుపోతున్నవి నా చెవులేనన్న సంగతి పూర్తిగా మరిచిపోయాను. చివరికి సాయంత్రం దాకా రెండు చెవులకూ బేరం కుదిరింది. టీచరమ్మ నవ్వింది. చీర కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. తాత, "ఇగ నడుస్తది" అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం గేటు దగ్గరికి నాన్న వస్తాడనుకుంటే తాతే ఉన్నాడు. అసలు పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడని, వానలో కూడా ఎదురు హోటల్ రేకుల కింద నుంచి కదల్లేదని ఆ హోటలాయన తర్వాత నాన్నకు చెప్పాడు. నన్ను చూడగానే మోచేతులూ, మోకాళ్ళూ, వీపూ వేళ్ళతో తట్టి చూశాడు. "సరిపోయినయి. టీచరమ్మ మంచిదే" అన్నాడు. ఇంటి దాకా నన్ను భుజాల మీదే మోశాడు. తాత జుట్టు తడిగా ఉంది. (చెవుల ఒప్పందాన్ని టీచరమ్మ ఏడాది పొడుగునా వాడుకుంది. దానికి నేను సాక్షిని.)

మొన్న జూన్‌లో నా మనవరాలిని బడికి తీసుకెళ్ళాను. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు పోవాలి కాబట్టి అప్పగింత నా వంతైంది. టీచరు తెలుగమ్మాయే. మధ్యన మాట చేరవేసేవాళ్ళ అవసరమే లేదు. నేను గొంతు సవరించుకున్నాను. దారి పొడుగునా సాధన కూడా చేశాను. తీరా నోరు తెరిచేసరికి తోలు అన్న మాట బయటికి రాలేదు. "బొక్కలు మాయి తల్లీ, పొద్దుగూకే యాళ్లకు అప్పజెప్పాలె" అని వెనక సగమే వచ్చింది. ఆ టీచరమ్మాయి అర్థంకాక, "ఏంటి ఆంటీ?" అంది. ఏమీ లేదమ్మా అని బయటికి వచ్చాను. తాత ఆ మాట అంతా ఈ సగం కోసమే అనేవాడని అప్పుడు తెలిసింది. నాకేమో చిన్నప్పుడు ఆ పూట ముందు సగం తప్ప ఏదీ వినపడలేదు. పిచ్చిదాన్ని, తోలు గురించే ఏడ్చాను.

ఇంటికి పోదామని ఆటో పిలిచాను. మళ్ళీ ఏమనుకున్నానో దాన్ని పంపించేసి, గేటుకు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. వాన మొదలైంది. కొట్టు అబ్బాయి, "లోపల్కి రా పెద్దమ్మా, తడుస్తవు" అన్నాడు. ఇక్కడి నుంచైతే గేటు బాగా కనిపిస్తుందని చెప్పి, ఇంకో టీ తెమ్మన్నాను.