మూడు మార్కుల అలవాటు

విస్సన్నపేట సెంటర్లో మందుల షాపు పరదేశి అంటే తెలియనివాళ్ళు తక్కువ. షాపు అతనిది కాదు, బసవపున్నారావు గారిది. ఆయనకి ముసునూరు వైపు ఇరవై ఎకరాల మామిడి తోట ఉంది. షాపు ఆయనకి పక్క వ్యాపకం. కౌంటర్లో ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్నది పరదేశి. డాక్టరు రాత కోడి కెలికినట్టున్నా చదివేస్తాడు. దగ్గు విని అది పొడిదో కఫందో చెబుతాడు. అతనికి చేతకానిది ఒక్కటే, ఫార్మకాలజీ పేపరు గట్టెక్కడం.

షాపు గోడ మీద ఫోటోతో వేలాడే ఫార్మసిస్టు సర్టిఫికెట్టు ఇంకెవరిదో. ఆ ఫోటోలోని మనిషి ఏడాదికోసారైనా కనపడడు. "నీ పేరున కాగితం తెచ్చుకో, ఆ ఫోటో పీకేసి నీది పెడతాను" అని బసవపున్నారావు గారు అన్న మాట పట్టుకుని, తల నెరుస్తున్న వయసులో పరదేశి డి.ఫార్మసీలో చేరాడు. పొద్దున కాలేజీ, సాయంత్రం షాపు. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాడు. ఇది మాత్రం రెండుసార్లు తన్నింది. ఎనభైకి ముప్ఫై రెండు రావాలి. ఒకసారి ఇరవై తొమ్మిది, ఇంకోసారి ముప్ఫై.

రెండుసార్లూ ఒకే ప్రశ్న వచ్చింది. టాలరెన్స్, టాకీఫైలాక్సిస్, ఫిజికల్ డిపెండెన్స్: తేడాలు, ఉదాహరణలు, మూడు మార్కులు. రెండుసార్లూ పరదేశి మూడు గళ్ళు గీసి, మూడింట్లోనూ ఒకే సంగతి తిప్పితిప్పి రాశాడు. మందు అలవాటవుతుంది, అని.

"ఇరవై రెండేళ్ళు మందులమ్మావు, నీకు అలవాటు తప్ప ఇంకో మాట రాదేంటయ్యా?" అన్నాడు లెక్చరరు. క్లాసులోని పిల్లలు నవ్వారు. పరదేశి కూడా నవ్వాడు గాని, ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. కౌంటర్ ముందు నిలబడి జనం అడిగే మాట అదే మరి. ఇది వాడితే అలవాటవుద్దాండీ? అలవాటైపోయిందండీ, పని చెయ్యట్లేదు. అలవాటైపోయిందండీ, లేకపోతే ఉండలేకపోతున్నా.

మూడోసారి పరీక్ష మాఘమాసంలో పడింది. అప్పటికి క్లాసులైపోయి, మళ్ళీ పొద్దున్నుంచీ షాపే. మధ్యాహ్నం షాపు మూసినప్పుడు ఇంటికొచ్చి, అన్నం తిని, రిబ్కమ్మ మంచం పక్కన పీట వేసుకుని పైకి చదివేవాడు. రిబ్కమ్మ అతని మేనత్త, అత్తగారు కూడా. తల్లి పోయాక పెంచింది ఆవిడే. ముప్ఫై ఏళ్ళు తోటల్లో కాయ కోసి, ఆ తర్వాత నూజివీడు రోడ్డు మామిడికాయల షెడ్డులో బంగినపల్లి, చిన్న రసం వేరుచేసి పేర్చిన మనిషి. మూడేళ్ళ కిందట అదే షెడ్డులో ఫిట్స్ వచ్చి పడింది. తుంటి విరిగింది. అప్పటి నుంచి మంచమే.

ఆ ఫిట్స్ ఎందుకొచ్చాయో పేట అంతా చెబుతుంది. బిళ్ళలు మింగి మింగి, అని. బిళ్ళల రిబ్కమ్మ అని పిల్లలు కూడా అంటారు. తాగుబోతుకి సారా ఎలాగో ఆవిడకి బిళ్ళలు అలాగట. ఆ మాట మొదట పేటలో అన్నది పరదేశే.

"చదవరా, ఆగావేంటి" అంది రిబ్కమ్మ.

"మొదటిది టాలరెన్స్ అత్తా. ఒకే మందు రోజుల తరబడి, నెలల తరబడి వాడితే పని తగ్గుద్ది. డోసు పెంచితే మళ్ళీ పని చేస్తది. మార్ఫిన్ లాగ. నొప్పి తగ్గడానికి రాన్రానూ ఎక్కువ కావాలి. కాని మలబద్ధకం మాత్రం ఎప్పటికీ తగ్గదు, కంటిపాప సన్నగానే ఉంటది. అన్నిటికీ ఒకేలా అలవాటు పడదు ఒళ్ళు."

"సొన లాగన్నమాట. కొత్తగా కాయ కోతకొచ్చిన పిల్లకి చేతులు బొబ్బలెక్కుతయ్యి. రాన్రానూ చర్మం మొద్దుబారుద్ది. నాకైతే బుట్టెడు కాయ సొన కారినా ఏం కాదు. కళ్ళలో పడితే మాత్రం ఇప్పటికీ మంటే."

పరదేశి పుస్తకం అంచున సొన అని రాసుకున్నాడు.

"రెండోది టాకీఫైలాక్సిస్. ఇది గంటల్లో వస్తది. ఎఫిడ్రిన్ వెంటవెంటనే నాలుగుసార్లిస్తే నాలుగోసారికి పని ఉండదు. డోసు పెంచినా దండగే. నరాల చివర నిలవున్న సరుకుని బయటికి తోసి పని చేయిస్తది ఆ మందు. సరుకైపోతే ఇంక ఏం తోస్తది?"

"కాయ దులిపేసిన చెట్టుని ఊపినట్టు."

"ఆఁ. రెండు చేతులతో ఊపినా రాలవు. కొంతకాలం ఆగాలి." పరదేశికి నవ్వొచ్చింది. "మా ఓనరు గారి ముక్కుచుక్కలదీ దగ్గర వరసే. పూతకాలం వస్తే ఆయనకి ముక్కు మూతపడిపోద్ది. రెండు చుక్కలు నాలుగు చేశానోయ్, నాలుగు ఎనిమిది చేశా, గోడ లాగుంది ముక్కు, మందు నకిలీదేమో చూడు అని నా మీదే ఎగిరాడు నిన్న."

"ఆపమని చెప్పలా?"

"చెప్పా. పరీక్ష తప్పినోడివి నువ్వా నాకు చెప్పేది అన్నాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. పరదేశి పేజీ తిప్పాడు. మూడోది ఉంది. అతని గొంతు తగ్గింది.

"ఫిజికల్ డిపెండెన్స్. మందు ఉన్నన్నాళ్ళు మనిషి బాగానే ఉంటాడు. దాంతోటే ఒళ్ళు సర్దుకుని ఉంటది. ఉన్నట్టుండి ఆపితే తిరగబడుద్ది. మందు ఏం చేసేదో దానికి ఎదురు. బీపీకి వాడే క్లోనిడిన్ ఒక్కసారిగా ఆపితే బీపీ పైకి లేస్తది. నిద్ర బిళ్ళలు ఆపితే…"

"ఆపితే?"

"నిద్ర పట్టదు. చేతులు వణుకుతయ్యి." అతను పుస్తకంలోంచి కళ్ళెత్తలేదు. "ఫిట్స్ కూడా రావచ్చు."

రిబ్కమ్మ చెయ్యి తుంటి మీదికి పోయింది.

"కాపెక్కువైన కొమ్మకి ఊతకర్ర పెడతాం" అంది. "కొమ్మ దాని మీద వాలి పెరుగుద్ది. ఎవడో వచ్చి ఆ కర్ర లటుక్కున లాగేస్తే కొమ్మ చీలుద్ది. కొమ్మది తప్పంటారా ఎవరైనా? ఊతానికి మరిగిన కొమ్మ అంటారా?"

పరదేశికి ఆ రోజులు మొత్తం కళ్ళముందుకొచ్చాయి. మామయ్య పోయాక అత్తకి నిద్రలేదు. డాక్టరు చీటీ లేకుండా నిద్రబిళ్ళ, ఆల్ప్రజోలం, ఇచ్చింది తనే. రోజుకి ఒకటి. అది చాలలేదంటే రెండు. రెండేళ్ళలో నాలుగయ్యాయి, ప్రతిసారీ పెంచిందీ తనే. అంతలో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు షాపు తనిఖీకొస్తున్నారని తెలిసింది. చీటీ లేని స్ట్రిప్ ఒక్కటి కూడా గడప దాటకూడదన్నారు బసవపున్నారావు గారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నీకు అలవాటైపోయిందత్తా, ఇవాల్టి నుంచి మానెయ్" అన్నాడు. ఆవిడ దిండు కింద మిగిలిన ఆరు బిళ్ళలు తీసి అతని చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా అడగలేదు. రెండు రోజులు కన్ను మూతపడలేదు, చేతులు వణికాయి. మూడో రోజు పొద్దున షెడ్డులో పడిపోయింది.

ఏమైనా మందులు వాడుతున్నారా అని ఆసుపత్రిలో అడిగితే, లేదండీ అన్నాడు పరదేశి. పేటలో అడిగితే మాత్రం ఎక్కువ మింగిందన్నాడు. అప్పట్లో నిజంగా అలాగే అనుకున్నాడు కూడా.

"మింగినందుకు కాదన్నమాట" అంది రిబ్కమ్మ. "మానినందుకు."

"మెల్లగా తగ్గించాలత్తా. వారాలు, నెలలు పట్టుద్ది. డాక్టరు చూస్తా ఉండాలి. నాకప్పుడు తెలీదు."

"తెలీదులే. తెలిసి చేస్తావా నువ్వు." ఆవిడ గోడ వైపు చూస్తూ అంది. "నేను మాత్రం బిళ్ళల పిచ్చిదాన్నే అనుకున్నాన్రా. నా ఒంట్లో ఏదో పాపం ఉంది కాబట్టే అలా పడ్డా అనుకున్నా. మూడేళ్ళుగా దేవుణ్ణి క్షమించమని అడుగుతున్నా."

పుస్తకంలో ఆ పేరా కిందే ఇంకో వాక్యం ఉంది. పరదేశి అది కూడా చదివాడు. ఒళ్ళు మందు మీద ఆధారపడటం వేరు, మందు కోసం మనిషి వెంపర్లాడటం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

"ఆ మాట నలుగురిలో చెప్పరా" అంది రిబ్కమ్మ. "పాసైతే దేవుడికి కృతజ్ఞత కూడిక పెడతావుగా, పేటంతా వస్తది. సాక్ష్యంలో చెప్పు. నాకింకేం అక్కర్లేదు. మంచం ఎలాగూ తప్పదు, ఆ పేరొక్కటి తీసెయ్."

"చెబుతానత్తా. ఒట్టు."

పరీక్షలో ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి పరదేశి కలం ఆగలేదు. మెల్లగా వచ్చేది, డోసు పెంచితే లొంగేది: మార్ఫిన్. వెంటనే వచ్చేది, పెంచినా లొంగనిది: ఎఫిడ్రిన్. ఆపినప్పుడే బయటపడేది: ఆల్ప్రజోలం, క్లోనిడిన్. మెల్లగా తగ్గించి ఆపాలి. ఆల్ప్రజోలం అని రాసేటప్పుడు మాత్రం చెమటకి కాగితం చేతికంటుకుంది.

ఎనభైకి ముప్ఫై నాలుగొచ్చాయి. ఆ మూడూ లేకపోతే ముప్ఫై ఒకటి.

కోతలు ముమ్మరంగా ఉన్న ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పరదేశి ఇంటి ముందు షామియానా వేశారు. అతని భార్య సలోమి పులిహోర కలిపింది. బసవపున్నారావు గారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయన చేతిలో పరదేశి ఫోటో కట్టిన కొత్త ఫ్రేము ఉంది. రిబ్కమ్మ మంచాన్ని వాకిట్లోకి తెచ్చారు. ఆవిడ ఉతికిన తెల్లచీర కట్టుకుని, తల దువ్వించుకుని, దిండుకి ఆనుకుని కూర్చుంది.

జేమ్స్ పాస్టరు గారు సాక్ష్యం చెప్పమన్నారు. పరదేశి లేచాడు. ఎదురుగా పేట జనం, వాళ్ళ పక్కన ఓనరు, ఓనరు ఒళ్ళో ఫ్రేము. నిజం చెప్పాలంటే చీటీ లేకుండా ఇచ్చానని చెప్పాలి. ఏ షాపులోంచి ఇచ్చాడో కూడా చెప్పాలి.

"దేవుడు… దేవుడు నాకు ఈ వయసులో జ్ఞానమిచ్చాడు" అన్నాడు. "మా అత్త పక్కన కూర్చుని చదివాను. ఆవిడ ప్రార్థనే నన్ను గట్టెక్కించింది."

అంతే. కూర్చున్నాడు.

పాస్టరు గారు చేతులెత్తారు. "ప్రభువా, ఈ బిడ్డని దీవించు. మంచాన పడున్న ఈ తల్లిని ఆ బిళ్ళల బానిసత్వం నుంచి పూర్తిగా విడిపించు తండ్రీ."

"ఆమేన్" అన్నారు అందరూ. పరదేశి పెదాలు కూడా కదిలాయి.

రిబ్కమ్మ అనలేదు. పులిహోర విస్తరి తీసుకుని అతను మంచం దగ్గరికొస్తే, వినపడీ వినపడనట్టు అడిగింది.

"పరీక్షలో రాశావా ఆ సంగతి?"

"రాశానత్తా."

"ఎన్నొచ్చుంటయ్యి దానికి?"

"మూడుకి మూడూ వచ్చుంటయ్యి."

"ముక్కూ మొహం తెలీనోడికి రాశావు." ఆవిడ విస్తరి పక్కకి నెట్టింది. "అబద్ధం కూడా మందు లాగే అలవాటవుద్దిరా. మొదటిసారి గొంతుకి అడ్డం పడుద్ది. ఇప్పుడు చూడు, ఎంత తేలిగ్గా కూర్చున్నావో."

సోమవారం పొద్దున బసవపున్నారావు గారు మేకు కొట్టి ఫోటో తగిలించారు. పది గంటలకి ఒక నడివయసు ఆడమనిషి డాక్టరు చీటీ పట్టుకుని వచ్చింది. నిద్ర బిళ్ళలు.

"ఇవి వాడితే అలవాటవుద్దాండీ?"

పరదేశి ఆవిడకి చాలాసేపు చెప్పాడు. చీటీలో ఎన్ని రోజులు రాస్తే అన్ని రోజులే వాడమన్నాడు. సొంతంగా పెంచొద్దు, సొంతంగా ఆపొద్దు, ఆపాలంటే డాక్టర్నడిగి కొంచెం కొంచెంగా అన్నాడు. ఎవరైనా ఏదైనా అంటే పట్టించుకోవద్దని కూడా అన్నాడు. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళింది.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి రిబ్కమ్మ మంచం పక్కన పీట లేదు. ఇంక చదివేది లేదుగా, తీసెయ్యమందని చెప్పింది సలోమి. వాకిట్లో పేట పిల్లలు ఆడుకుంటున్నారు. బంతి లోపలికి దొర్లి మంచం కిందికి పోతే ఒకడు ఇంకొకడితో అన్నాడు: "పోయి తెచ్చుకో, బిళ్ళల రిబ్కమ్మ ఏమనదులే."

పరదేశి వాళ్ళ వైపు చూశాడు. నోరు తెరిచాడు. అన్నం చల్లారిపోతోందని సలోమి పిలిస్తే లోపలికి వెళ్ళాడు.