పిట్టగోడ సహా

తడిసిన ఉన్ని వాసన ఎప్పుడైనా తగిలిందా మీకు? వానలో నానిన మేకని తెచ్చి, తలుపులు మూసిన గదిలో రెండు రోజులు కట్టేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఏలూరులో పాతికేళ్ళుగా రంగుల కొట్టు నడుపుతున్నాను. టర్పెంటైను, వార్నీషు, డిస్టెంపరు, ఏదైనా నా ముక్కుకి అత్తరే. ఆ ఉన్ని వాసన తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను. పాపం, ఉన్ని ఏం చేసింది? అసహ్యం నా మీద నాకే.

నాకో జబ్బుంది, లెక్క నోటితో చెప్పెయ్యడం. కొట్టు గడప ఎక్కినవాళ్ళు డాబా ఎంతో చెప్పడం ఆలస్యం, లీటర్లు చెప్పేస్తాను. కాలిక్యులేటరు బల్ల మీద ఉంటుంది కానీ దాన్ని ముట్టుకోవడం నాకు నామోషీ. పక్క కొట్టువాళ్ళు కుర్రాళ్ళ చేత ఫోన్లలో నొక్కించి చెబుతారు. నేను మాత్రం పైకప్పు కేసి ఓసారి చూసి చెబుతాను. జనం ఆహా అనుకోవాలి. ఆ ఆహా కోసం ఎంత గడ్డి తిన్నానో చెబుతాను వినండి.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒకావిడ వచ్చింది. తివాచీలు నేస్తుంది. పాతపేటలో చిన్న డాబా ఇల్లు, ముందు గదిలో వీధి గోడని ఆనుకుని నిలువు మగ్గం. మగ్గం గుంజలు నేలలో పాతేసినవి, పక్కకి జరిపే వీలు లేదు. ఏటా వానాకాలంలో సరిగ్గా ఆ గోడ పైనుంచే కారుతుందిట. మగ్గం మీద బరకం కప్పుకుని, దాని కిందే కూర్చుని నేస్తుందిట. బరకం కింద వెలుతురు ఉండదు, ఆవిడకి కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. మగ్గం మీద పెద్ద తివాచీ ఉంది, ఏడు నెలల పని. ఇదే ఆఖరుదనీ, అది దించాక కళ్ళ ఆపరేషనుకి వెళ్ళి ఇక ఈ పనికి దండం పెట్టేస్తాననీ చెప్పింది. అందుకే ఈ ఒక్క వానాకాలం చుక్క కారకూడదు. ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే.

చేతిలో మేస్త్రీ రాసిచ్చిన చీటీ ఉంది. ఆ మేస్త్రీ భీమడోలు మనిషి, రోజూ రైలెక్కి వచ్చి మా ఊళ్ళో పని చేసుకుపోతాడు. పనిమంతుడే. చీటీలో రాసింది ఇంతే: "30 × 20, 600 అడుగులు, పిట్టగోడ సహా, రెండు కోట్లు."

నేను చూసింది రెండు ముక్కలు. ఆరు వందలు. సహా. డబ్బా మీద రాసిన ప్రకారం, డాబా కారకుండా వేసే రంగు లీటరుకి ఒక కోటు యాభై చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లంటే పన్నెండు వందల అడుగులు, యాభైతో భాగిస్తే ఇరవై నాలుగు లీటర్లు. ఇరవై లీటర్ల బకెట్టు ఒకటి, నాలుగు లీటర్ల డబ్బా ఒకటి. బొట్టు మిగలదు, బొట్టు తగ్గదు. ఎంత ముచ్చటగా కుదిరిందో అని నాకు నేనే మురిసిపోయి, ఆ చీటీ మీదే నా చేత్తో 24 అని వేసి, కింద గీత కూడా కొట్టాను.

ఆవిడ చీటీ కేసి చూసి నెమ్మదిగా అడిగింది.

"గోడ మీదకి కూడా ఎక్కించాలన్నాడండి మేస్త్రీ. అది కూడా కలిసిందాండీ ఇందులో?"

"సహా అని రాశాడు కదమ్మా, కలిసే ఉంది. ఇక ఆ బరకం తీసి పారెయ్యండి," అన్నాను.

మూడో తరగతి పిల్లాడైనా పట్టుకునేవాడు. ముప్పై ఇరవైలు ఆరు వందలు. అది ఒట్టి నేల. అందులో గోడ ఎక్కడుంది నా మొహం! డాబా కారేది నడిమధ్యన కాదు. నేలా పిట్టగోడా కలిసే మూలలో సన్నటి చీలిక వస్తుంది, నీళ్ళు అక్కడ దిగుతాయి. అందుకే రంగుని నేల మీద ఆపకుండా గోడ మీదకి అడుగు ఎత్తు ఎక్కిస్తారు. చుట్టూ నూరడుగుల గోడ, అడుగు ఎత్తు, అంటే నూరు చదరపు అడుగులు. రెండు కోట్లకి రెండు వందలు. ఇంకో నాలుగు లీటర్లు. కావలసింది ఇరవై ఎనిమిది. ఈ సంగతి నాకు తెలీదా? ఎదుటివాళ్ళకి చెప్పి చెప్పి నోరు అరిగినవాణ్ణి. మేస్త్రీ "సహా" అని రాసింది, గోడక్కూడా కలిపి లెక్క కట్టి ఇవ్వండని. నేను చదివింది, కలిపేశాడని.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం మేస్త్రీ ఫోను చేశాడు. కొట్టు నిండా జనం. తాడేపల్లిగూడెం నుంచి రైసుమిల్లు ఆయన షెడ్డుకి రంగులు ఎంచుతూ కూర్చున్నాడు, ఆయన ఎదట నేను నోటిలెక్కలు దంచుతున్నాను. మేస్త్రీకి ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. ఏం చెప్పానో ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

మొదటి వాన గట్టిగా పడింది. కొల్లేరు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి రెండు రోజులు వదల్లేదు. ఆ రెండు రోజులూ ఆవిడ అత్తిలిలో చెల్లెలి ఇంట్లో ఉంది. చుక్క కారదన్న ధీమాతో బరకం మడిచి అటక మీద పెట్టి మరీ వెళ్ళింది. తిరిగొచ్చిన పొద్దున్నే కొట్టుకి వచ్చి నిలబడింది. కేకలెయ్యలేదు. "ఒకసారి వచ్చి చూడండి," అంది అంతే.

వెళ్ళాను. గుమ్మంలోనే వాసన కొట్టింది. గోడ మూల నుంచి నీళ్ళు మగ్గం పై దూలం మీద పడి, అక్కణ్ణించి దారాల వెంట దిగి, నేసినదాంట్లో చాలామేర తాగేశాయి. మీగడ రంగు మీద ఎర్ర పువ్వుల తివాచీ అది. ఎరుపు కరిగి మీగడలోకి పాకింది, కడిగీ కడగని పుండులా. వెనకవైపు అప్పుడే బూజు. వేలితో తాకితే జిగురు. ఏడు నెలలు ఆ మసక కళ్ళతో వేసిన ముడులు.

మేస్త్రీని పిలిపించి ముగ్గురం డాబా ఎక్కాం. నేల మీద ఇంకా అక్కడక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయి, కానీ పూత ఎక్కడా చెక్కుచెదరలేదు. తోలులా పట్టుకుని ఉంది. మూలకెళ్ళి పిట్టగోడ మీద గోటితో గీశాను. తెల్లగా పిండిలా ఊడొచ్చింది. వేలితో తుడిస్తే అంతా వేలికే అంటుకుంది. కింద చీలిక నోరు తెరుచుకుని ఉంది.

దొరికాడు దొంగ అనుకున్నాను. చెప్పడానికి సిగ్గేస్తోంది, ఆ క్షణాన నాకు లోపల ఎంత హాయి అనిపించిందో! తప్పు నాది కాదు. ఇక రెచ్చిపోయాను. రంగులో నీళ్ళు కలుపుతావా, ఇది పూతా సున్నం నీళ్ళా, ఆడకూతురి పొట్ట మీద కొడతావా, నీలాంటివాళ్ళ వల్లే మా కొట్లకి చెడ్డపేరు అని, ఆవిడ వినేలా, వీధి కూడా వినేలా కడిగేశాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. అది చూసి నాకు ఇంకా ఊపొచ్చింది. నీళ్ళు కలపమని నీకు ఎవడు చెప్పాడని అడిగాను.

"మీరేనండి," అన్నాడు.

అంత మెత్తగా అన్నాడు.

"గోడకి చాలదండి, ఇంకో నాలుగు లీటర్ల డబ్బా పంపండని ఫోను చేశాను కదండి. గోడకేముంది, నీళ్ళు కలిపి లాగించెయ్యి అన్నారండి మీరు. నేలకి పోగా మిగిలిన లీటరులో మూడు లీటర్ల నీళ్ళు పోశానండి. నాదీ తప్పేనండి, ముందు గోడ చేసుకుని తరవాత నేల చెయ్యాల్సింది."

తల తీసేసినట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది. రైసుమిల్లు ఆయన ఎదట, ఇచ్చిన లెక్క తప్పిందని ఒప్పుకోవడం ఇష్టం లేక, నవ్వుతూ అన్నాను ఆ మాట. ఆయన కూడా నవ్వాడు. ఛీ! ఆ వెధవ నవ్వు కోసం.

ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూడలేదు. కిందకి దిగి, గూట్లోంచి ఆ చీటీ తీసి పట్టుకుంది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని 24 కింద నేను కొట్టిన గీత మీద వేలు పెట్టింది.

"మా పనిలో కూడా ఇలాగే రాసిస్తారండి. ఆరడుగులు, అంచు సహా అని. అంటే అంచు కూడా వెయ్యమని. దానికి ఉన్ని వేరే తూచి పెట్టుకుంటాం. ఈ మాట నాకు తెలుసు కాబట్టే ఆవేళ మిమ్మల్ని అడిగాను."

  

కొత్త ఉన్ని తెప్పిస్తానన్నాను. వద్దంది. ఆ ఎరుపు మళ్ళీ అదే ఛాయలో దొరకదుట. మరక లేని చోటు వచ్చేదాకా కిందకి విప్పి, దగ్గర మిగిలిన ఉన్నితోనే మళ్ళీ నేస్తానంది. ఆపరేషను సంగతి అడిగాను. ఇప్పుడెలా వెళ్తానండీ అంది.

రెండు రోజులు గట్టిగా ఎండ కాసింది. ఇంకో నాలుగు లీటర్ల డబ్బా నేనే మోసుకెళ్ళాను. మేస్త్రీ వస్తానన్నాడు, రావద్దన్నాను. గోకుడు కత్తితో ఆ పొడి పూతంతా గీకి, కడిగి, ఆరనిచ్చి, మూల చీలికలు పూడ్చాను. పొద్దున్న ఒక కోటు వేశాను. అది ఆరేదాకా డాబా మీదే కూర్చున్నాను, కింద గదిలోకి వెళ్ళడానికి మొహం చెల్లక. కింద ఆవిడ కత్తెర చప్పుడు ఆగి ఆగి వినిపిస్తూనే ఉంది. సాయంత్రం రెండో కోటు వేశాను. చుక్క నీళ్ళు కలపలేదు. ఒంగుని ఒంగుని నడుం పడిపోయింది, పడిపోనీ అనుకున్నాను. నూరడుగుల గోడ చుట్టి వచ్చేసరికి డబ్బా అడుగు కనబడింది.

మెట్లు దిగి గుమ్మంలో నిలబడ్డాను. ఆ వాసన ఇంకా పోలేదు. ఆవిడ మగ్గం ముందు నేల మీద కూర్చుని, ఒళ్ళో చెడిన ఉన్ని కుప్పగా వేసుకుని, తడుముకుంటూ ముడులు విప్పుతోంది. నా చేతిలో డబ్బా చూసింది.

"ఎన్ని లీటర్లు పట్టిందండీ?"

"నాలుగమ్మా."

"నాలుగేనా," అని మళ్ళీ మగ్గం వైపు తిరిగింది.