సెకనుకి మూడు మెరుపులు

ఆ కార్టూన్ల కంపెనీ పదేళ్ళ పండక్కి తీసిన గ్రూపు ఫొటోలో నలభై ఒక్కమంది నవ్వుతున్నారు. రెండో వరుసలో నలభై రెండో మనిషి మాత్రం ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, కంటి డాక్టరు ముందు అక్షరాలు చదువుతున్నట్టు నిలబడి ఉంది. ఫొటోగ్రాఫర్ మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ అంతే. చివరికి దాన్నే ఫ్రేము కట్టించి గుమ్మానికి ఎదురుగా తగిలించారు. వచ్చినవాళ్ళందరూ "అయ్యో, ఆవిడ కంటికేమైంది?" అని అడుగుతారు.

కంటికేమీ కాలేదు. ఫ్లాష్ వెలగబోతోందంటే ఆ చెయ్యి తనంతట తానే లేస్తుంది, అంతే.

తయారైన ప్రతి షాటునీ బయటికి వెళ్ళేలోగా పరీక్షించి, టపటపా కొట్టుకునే మెరుపులుంటే ఆపెయ్యడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఆమెకు 'కరెంటు కోత' అని పేరు. ఎదురుగా మాత్రం మేడమ్ అంటారు.

చేతి అలవాటు తమ్ముడి వల్ల వచ్చింది. వాడికి తొమ్మిదో ఏట, టీవీకి అంగుళం దూరంలో కూర్చుని చూస్తుంటే ఫిట్స్ వచ్చింది. కళ్ళు మూసుకుంటే చాలదు, వెలుగు రెప్పల్లోంచి కూడా దూరుతుంది, ఒక కన్ను అరచేత్తో పూర్తిగా కప్పి మొహం పక్కకు తిప్పాలని డాక్టరు చెప్పాడు. కప్పే డ్యూటీ అక్కకు పడింది. పెద్దయ్యాక తమ్ముడు సినిమాలు మానేశాడు, పెళ్ళిళ్ళు మానేశాడు, ఇంట్లో కూర్చుని గడియారాలు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. కప్పడానికి ఆ కన్ను పక్కన లేకపోయేసరికి, అక్క చెయ్యి సొంత కన్ను మీదికి వచ్చి చేరింది.

కిందటేడు కంపెనీ పిల్లల సినిమా ఒకటి తీసింది. అందులో పిడుగులు విసిరే రాక్షసుడున్నాడు. ఆ షాటు ఆమె బల్ల మీదికి రాగానే మెరుపులు లెక్కపెట్టే యంత్రంలో గీత ఎర్రబడింది. దర్శకుణ్ణి పిలిపించింది. ముప్పై నిండని కుర్రాడు.

"బాబూ, సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. నువ్వు రెండు నల్లవి, రెండు తెల్లవి మార్చి మార్చి పెట్టావు. ఆరు మెరుపులయ్యాయి, అదీ తెర నిండా. మూడు దాటకూడదు."

"పిడుగు మేడమ్ అది! లెక్క పెట్టుకుని పడుతుందా?"

"నా బల్ల మీద పడాలంటే పెట్టుకునే పడాలి."

"పోనీ, మొదట్లో హెచ్చరిక కార్డు వేసేద్దాం."

"మొదటిసారి ఫిట్స్ వచ్చి పడ్డాక గానీ తమకి ఆ జబ్బుందని తెలియనివాళ్ళుంటారు. వాళ్ళు నీ కార్డు చదువుకుని ఏం చేస్తారు? ఒక్కసారి మెరిపించు. మెల్లగా ఆరిపోనీ."

"ఒక్కటేనా! నా కడుపు కొట్టకండి. ఆ మూడూ ఇప్పించండి."

మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. నియమం ఒప్పుకుంటుంది కదా అని ఆమె మూడూ ఇచ్చింది. నాలుగు నల్లవి, నాలుగు తెల్లవి. టిక్కు పెట్టింది.

ఉద్యోగుల కుటుంబాలకు ముందుగా ఆట వేసినప్పుడు ఆమె తమ్ముణ్ణి బయల్దేరదీసింది. "ప్రతి బొమ్మా నా చేతి మీదుగా వెళ్ళిందేరా. రా, నేనున్నాను." ఇరవై ఆరేళ్ళ తర్వాత సినిమా హాలు. తమ్ముడు చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాడు.

సినిమాకు ముందు దాని కొత్త ట్రైలర్ వేశారు. ఆఫీసులో ఆమె పక్కగది ఎడిటర్ దాన్ని తయారుచేశాడు. హుషారు కోసం పిడుగు షాటుని రెట్టింపు వేగంతో తిప్పాడు. టిక్కు ఉన్న షాటే కదా అని మళ్ళీ చూపించలేదు. మూడు ఆరయ్యాయి.

హాలంతా తెల్లగా, నల్లగా కొట్టుకుంది. ఆమె చెయ్యి లేచింది. లేచి, తన కన్నే మూసింది.

పక్కన తమ్ముడి భుజం వచ్చి తగిలేదాకా ఆ సంగతి తెలియలేదు. కింద పడుకోబెట్టి, పక్కకు తిప్పి, తల కింద తన సంచీ పెట్టి, చేతిలో తాళాలగుత్తి పెట్టబోయిన పెద్దమనిషిని తోసేసి, వాచీ చూస్తూ కూర్చుంది. రెండు నిమిషాలు. నాలుక తెగింది. మాట రాగానే వాడన్న మొదటి మాట, "చూశానన్నావు కదే అక్కా."

మర్నాడు యజమాని గదిలో విచారణ. "మీరు టిక్కు పెట్టిందేగా?" అన్నాడు ఆయన. "నేను వేగం పెంచానంతే" అన్నాడు ఎడిటర్. దర్శకుడు గోడకున్న క్యాలెండరు శ్రద్ధగా చదువుకున్నాడు. సెకనుకి ఒక్కటే ఇచ్చి ఉంటే రెట్టింపైనా రెండే అయ్యేవని ఆ గదిలో ఎవరూ అనలేదు. ఆ లెక్క ఆమె ఒక్కతే వేసుకుంది.

ఇప్పుడు ట్రైలర్లు కూడా ఆమె బల్ల మీదికి వస్తున్నాయి. తమ్ముడు మళ్ళీ గడియారాల్లోకి వెళ్ళిపోయాడు. అక్క ఏదైనా చూడమంటే, "నువ్వు చూశావుగా, చాల్లే" అంటాడు.

దర్శకుడు మొన్న రెండో భాగం పట్టుకొచ్చాడు. ఆమె ఒక్క మెరుపు ఉంచి, దాన్నీ మెల్లగా ఆర్పించింది.

"మేడమ్, ఇది పిడుగా? బెడ్‌లైట్‌లా ఉంది!"

"బెడ్‌లైటుకి మా తమ్ముడు పడిపోడు, బాబూ."