చేతులు విడిచిన పాట

కామారెడ్డి బజారులో నిన్న వానకు తడిసిన జనుప మోకులను ఒక దుకాణం ముందు ఆరవేశారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా అరచేతులు మండాయి. చర్మం ఎప్పుడో మానింది, మంట మాత్రం లోపల ఉన్నది. నా వెంట వచ్చిన కుర్రవాడు కాలేజీలో చదువుతున్నాడు. “తాతా, అప్పట్లో పనిచేస్తూ హాయిగా పాటలు పాడుకునేవారట కదా” అన్నాడు. హాయిగానట! పుస్తకాలలో అట్లాగే రాస్తున్నారు కాబోలు. బండను గుంజని వాళ్లు బండపాట గురించి రాస్తే ఇట్లాగే ఉంటుంది. అందుకే మల్లవ్వ గురించి నేను రాస్తున్నాను. నాకు బడి లేదు. మాటకు బరువుంటుందని, ఆ బరువు పడే చోటు తప్పితే మనిషి పోతాడని నేర్పింది ఆమె ఒక్కతే.

మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె. జర్మనీ లడాయి నడుస్తున్న రోజులు. చెరువు తూము పగిలింది. గుట్ట దగ్గర కొట్టిన కొత్త బండను కట్ట మీదికి చేర్చాలని దొర హుకుం. కూలి లేదు, వెట్టి. ఇంటికొక మనిషి పోవాలి. మా పక్కింటి సాయిలన్న అంతకుముందు పాట అందుకునేవాడు. దగ్గు పట్టుకుని గొంతు పోయింది. అతని భార్య మల్లవ్వ తట్టలు మోయడానికి వచ్చి, మొదటిరోజే మా గుంజుడు చూసి నవ్వింది.

“ఒకడు తూర్పుకు, ఒకడు పడమటికి గుంజవడ్తిరి. బండకు ఎటు పోవాల్నో సమజైతలేదు” అన్నది.

“అయితే నువ్వే పాడు వదినా” అన్నాను ఉడుక్కుని.

“పాడుత. మీసాలకు సిగ్గనిపియ్యదా మరి?”

సిగ్గు ఒక్క పూటలో పోయింది. బండ కింద గుండ్రటి మొద్దులు, ముందుకు రెండు మోకులు, మోకుకొక వరుస మనుషులం. మల్లవ్వ మోకు ముట్టదు. పాట అందుకునే మనిషికి ఊపిరి మిగలాలి, కన్ను అంతటా ఉండాలి. ఆమె పక్కన నిలబడి ఒక మాట విసిరేది. ఆ మాట నడుస్తుండగా మేము పట్టు సర్దుకుని గాలి పీల్చుకోవాలి. తరువాత అందరం “హైసా!” అనాలి. ‘హై’ అన్నప్పుడు ఒళ్లు వెనక్కి వాలుతుంది, మోకు బిగుస్తుంది. ‘సా’ అన్నప్పుడు కాళ్లు నేలను తంతాయి, బండ కదులుతుంది. గుంజేది ‘సా’ మీదనే.

అత్త తిట్టె — హైసా!
అంబలి వట్టె — హైసా!
మామ మెచ్చె — హైసా!
మళ్లీ తిట్టె — హైసా!

చదునులో ఇవి చాలు. కట్ట ఎక్కుడు వచ్చేసరికి పాట మార్చాలన్నది. అక్కడ నవ్వు పనికిరాదు, నవ్వితే పట్టు సడలుతుంది. పైగా ఎక్కుడులో బండ జానెడు కదలగానే వెనుక ఎవరో అడ్డు రాయి పెట్టాలి. లేకుంటే బండ వెనక్కి జారుతుంది. ఆ పని సాయిలన్నది. రాయి పెట్టి చేయి ఎత్తితేనే మల్లవ్వ మాట ముగించాలి.

నేను బొగ్గుతో గోడల మీద రాసుకుంటూ అక్షరాలు నేర్చుకుంటున్న కాలమది. ఎక్కుడు పాటకు ఒక చరణం రాసి గర్వంగా వినిపించాను: “కట్టపైన బండ నిలిచెన్.”

మల్లవ్వ రెండుసార్లు గొణిగి చూసింది. “మంచిగనే ఉన్నది మరిదీ, కని నోరు మూసుకునే మాటతోని ఆపినవు. మీ అన్న చెయ్యి లేసేదాంక నేనేం జెయ్యాలె? న్‌న్‌న్ అనుకుంట ఈగ తీరు తిరగాల్నా?”

సాయిలన్న దగ్గుతూనే నవ్వాడు. “సాగే మాట పెట్టు తమ్మీ. లావుగ సాగాలె. నేను ముసలోన్ని.”

ఇద్దరం కూర్చుని మార్చాము. “కట్టమీదికో...” ఆ ‘ఓ’ను ఆమె ఎంతసేపైనా పట్టేది. సాయిలన్న చేయి లేచేదాకా పట్టి, లేవగానే తుంచేది. తుంచగానే మా “హైసా”.

కట్టమీదికో — హైసా!
అడుగు అడుగుకో — హైసా!
తూము నోటికో — హైసా!

ఆ ‘ఓ’లో సాయిలన్న ప్రాణం ఉండేది. నేనీ మాట అలంకారానికి రాయడం లేదు.

బండ కట్ట మొదటికి చేరిన నాడు, దొర పనులు చూసే శేర్దారు వచ్చాడు. కామారెడ్డి నుంచి పెద్ద అధికారి మోటారులో వస్తున్నాడట. దొరవారి కీర్తి ఆయన చెవిన పడాలట. “హైసా గియిసా బంద్. అందరు ‘దండం దొరా’ అనాలె” అన్నాడు.

మల్లవ్వ తల అడ్డంగా ఊపింది. “అయ్యా, దొరను నా మాటల పెడ్త. ఎంత పొగడుమంటె అంత పొగుడుత. జవాబు మాత్రం ముట్టకు.”

“నీ ఒక్క నోరు దండం పెడితె ఏమొస్తది? అందరి నోట్లెకెల్లి రావాలె.”

“గుంజుడు ఏడ పడ్తదో ఎరుకనా అయ్యా నీకు?”

“ఎక్కువ మాట్లాడితె వీపు మీద పడ్తది.”

ఆమె చేయగలిగినంతా చేసింది. ‘దండం’ మీద బిగించాలి, చివరి ‘రా’ మీద గుంజాలి అని మమ్మల్ని వట్టి మోకుతో ఆడించింది. బాగానే కుదిరింది. బండను కట్టుకుని సగం కట్ట ఎక్కించాము కూడా. అప్పుడు దొర, ఆ అధికారి వచ్చి కట్ట మీద మాకు ఎదురుగా నిలబడ్డారు.

“తూము నోటికో...” సాయిలన్న ఇంకా వంగి ఉన్నాడు. బండను ఇంకాస్త ముందుకు గుంజితే అడ్డు రాయి సరిగా కూర్చుంటుందని సైగ చేసి చేయి ఎత్తాడు. మల్లవ్వ మాట తుంచింది.

“దండం...”

పుట్టినప్పటి నుంచి దొర ముఖం చూసి పిడికిలి మూసి ఆ మాట అన్నవాడు మాలో లేడు. మా చేతులు మోకు విడిచి జోడించుకున్నాయి. ఎవరూ అనుకుని చేయలేదు. ‘రా’ అనే లోపల, మళ్లీ అందుకోబోయిన మా అరచేతులను, ముంజేతులను మోకు ఒలుచుకుంటూ పోయింది. బండ వెనక్కి జారింది.

సాయిలన్న అరవలేదు. అరవడానికి ఆయనకు గొంతు లేదు.

మోటారు వెళ్లిపోయింది. శేర్దారు మా మీద ఎగిరాడు. “చేతులు జోడించుమని ఎవడు చెప్పిండురా మీకు?”

ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నా ఒంటికి నిప్పు పెడుతుంది. ఎవడు చెప్పాడు! తాతలనాటి నుంచి కర్రతో, కొరడాతో చెప్పింది ఎవరు? ఆ దొర ఇంటి మనుషులు తరువాత తెల్లబట్టలు కట్టి సభల్లో మాట్లాడారు. సాయిలన్న పేరు ఎవరి నోటా రాలేదు.

బండ కట్ట కింద పడి ఉన్నది. మబ్బులు కమ్ముతున్నాయి, వానలోపల తూము కుదరకుంటే చెరువు తెగుతుంది. మల్లవ్వ లేక ఎవరమూ మోకు ముట్టలేదు. చావు మైలలో ఉన్న మనిషి గడప దాటవద్దని ఆడవాళ్లు ఆపుతున్నా ఆమె వచ్చింది. శేర్దారు ఎదుటనే నిలబడింది. “జవాబు నాది. ఒక్క అక్షరం మార్చినా మోకు కింద పడేసి పోతరు వీండ్లు.”

అతను కట్ట దిగి పోయాడు.

“అడ్డు రాయి కాడ ఎవలు?” అని అడిగింది. నేను వెళ్లాను. “మరిదీ, నీ చెయ్యి లేవకుంటె నా మాట తెగది. భయపడకు” అన్నది. ఆమె గొంతు పగిలి ఉన్నది. అయినా ‘ఓ’ సాగింది. వెనుక నేను రాయి పెట్టేదాకా, సరిగా కూర్చున్నదో లేదో తోసి చూసేదాకా, మళ్లీ తోసి చూసేదాకా సాగింది. నేను చేయి ఎత్తాను. “హైసా!” బండ పైకి నడిచింది. ఆ సాయంత్రానికి తూములో కూర్చున్నది. నీళ్లు మొదట దొర పొలాలకే పారాయి.

ఆ తరువాత మల్లవ్వ పాడలేదు. అడిగినవాళ్లతో “మాటలన్ని ఆడ్నె ఒడిసినయి” అనేది.

పెండ్లిళ్లలో పెద్దమనుషులు వస్తే నా పిల్లలు మోచేతితో పొడుస్తారు, దండం పెట్టమని. నోటితో “మంచిదయ్యా” అంటాను. గర్విష్ఠి ముసలివాడని చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నా చేతులు పైకి రావు. వెనుక ఎవరో వంగి ఉన్నారని అవి ఇంకా మోకు జారకుండా పట్టుకుని ఉన్నాయి.