పాత టీకానా, కొత్త టీకానా

తుర్కపల్లిలోని మా ల్యాబులో కోళ్ల టీకాలు తయారయ్యేవి. నేను పదవీ విరమణ చేయబోయే ఏడాది ఒక నిర్ణయం నా మీద పడింది. కొక్కెర తెగులుకు మేం అమ్ముతున్న పాత టీకాను మెరుగుపరచాలా, పూర్తిగా కొత్తది తయారుచేయాలా? రెండింటికీ సరిపడా మనుషులు లేరు.

కొత్త టీకా మా బృందంలోని ఒక అమ్మాయిది. పీహెచ్‌డీ నాటి నుంచీ దాని మీదే పనిచేస్తోంది. నేను కాదంటే అది అక్కడితో ఆగిపోతుంది.

ముందు కోళ్లు పెంచేవాళ్లను అడుగుదామని ఇద్దరం దేవరయాంజాల్ వెళ్లాం. ఒక అవ్వ మా ముందు ఖాళీ గంప బోర్లించింది.

"మీ మందేసిన కోళ్లూ పాయె, ఎయ్యని కోళ్లూ పాయె. గిదేం మందు బిడ్డా, నువ్వేసుకుంటవా?"

అమ్మాయి నవ్వేసింది. తిరుగుప్రయాణంలో కొత్త టీకా ఎందుకు కావాలో ఇంతకంటే రుజువేముందని నేనే అన్నాను. ఆమె కారు కిటికీలోంచి తూంకుంట వెంచర్లను చూస్తోంది. అటే చూస్తూ అంది.

"టీకా పనిచేయలేదని అవ్వ చెప్పింది సార్. ఎందుకు పనిచేయలేదో మనకింకా తెలీదు. అది తెలిశాకే నిర్ణయించండి."

పరీక్ష ఎలా చేయాలో కూడా తనే చెప్పింది. దుకాణాల్లోనూ ఇళ్లల్లోనూ తెరవకుండా ఉన్న సీసాలు తెప్పించాం. అదే బ్యాచ్ సీసాలు మా శీతల గదిలో ఉన్నాయి. వాటితో టీకా వేసిన కోళ్ల రక్తంలో రక్షణ బాగానే ఉందని అంతకుముందే తేలింది. రెండు చోట్ల సీసాల్లోని మందునూ పిండం ఉన్న గుడ్లలోకి ఎక్కించాం. టీకాలోని బలహీనపరచిన వైరస్ బతికుంటే గుడ్డులో పెరుగుతుంది. కొన్ని రోజులకు ఆ గుడ్ల ద్రవాన్ని చిన్న గుంటలున్న ప్లేటులో పోసి, కోడి రక్తకణాలు కలిపాం. వైరస్ ఉంటే కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని పలచటి పరదాలా పరుచుకుంటాయి. లేకపోతే కిందికి దిగి ఎర్రటి చుక్కై కూర్చుంటాయి.

ఉద్యోగమంతా అలాంటి ప్లేట్లు చూసినవాణ్ణే. అయినా ఆ రోజు ఒక్కో గుంటనూ రెండేసిసార్లు చూశాను. శీతల గది వరుసల్లో గుంట గుంటకూ పరదా. బయటి సీసాల వరుసల్లో దాదాపు అన్నీ చుక్కలే. కంటికి కనిపించని ప్రాణి తాను బతికున్నదీ లేనిదీ అంత స్పష్టంగా చెప్పడం ఒక అద్భుతం. అంతకంటే పెద్ద అద్భుతం నా పక్కనే నిలబడి ఉంది. ఈ జవాబు రావచ్చని తెలిసే ఆమె ఆ ప్రశ్న వేసింది.

"మన టీకా మంచిదే సార్. ఎండలో చచ్చిపోతోంది," అంది. "నా కొత్తదీ ఐస్ మీదే బతకాలి. అదీ అవ్వ ఇంటిదాకా చేరదు."

వేడిని తట్టుకునేలా పాత టీకానే మార్చడానికి, దాన్ని పొడిగా ఆరబెట్టేటప్పుడు వైరస్‌కు రక్షణగా కలిపే చక్కెరలు మార్చి చూస్తానంది. సరేనన్నాను.

సాయంత్రం తన కొత్త టీకా సీసాలను డీప్ ఫ్రీజర్‌లో పెడుతూ కనిపించింది. ఒక్కోదాని మీద లేబుల్ ఊడిపోకుండా మళ్లీ అదిమి, తలుపు మూసింది.